అమ్మకు ఆక్సిజన్ మిషన్: అద్దెకు తీసుకోవాలా, కొనాలా? – నా అనుభవం

మా అమ్మకు 67 ఏళ్లు. కోడుమూరు దగ్గరి పల్లెలో ఎన్నో ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని వంట చేసిన మనిషి. ఒక్క బీడీ కూడా తాగకపోయినా, ఆ పొగ వల్లనే ఆమెకు సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు వచ్చిందని డాక్టర్లు చెప్పారు. దానికి తోడు జనవరిలో న్యుమోనియా పట్టుకుంది. కర్నూలులోని ఒక ఆసుపత్రిలో చేర్చి, గండం గడిచి ఇంటికి తీసుకువెళ్లవచ్చని చెప్పే నాటికి ఆమె మాట్లాడుతోంది, తింటోంది, కానీ ముక్కు గొట్టం తీసేస్తే పది నిమిషాల్లో వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 85కి దిగిపోతోంది. అందువల్ల ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవాలని డిశ్చార్జి కాగితంలో రాశారు. మిషన్ సాయంత్రానికల్లా ఏర్పాటు చేసుకుంటే మరుసటి ఉదయం పంపిస్తామన్నారు.

అటువంటి సమయంలో ఇంట్లో వాళ్లం ఎంత కంగారుగా ఉంటామో, ఎవరు ఏది చెబితే అది కొనేయడానికి ఎంత సిద్ధంగా ఉంటామో నాకు అప్పుడే అర్థమైంది. మందుల షాపు ఆయన, ఆంబులెన్స్ డ్రైవరు, పక్క మంచం పేషెంట్ తాలూకు బంధువు, అందరూ ఒక్కో ఫోన్ నంబరు ఇచ్చారు. ఎవరికైనా ఫోన్ చేసే ముందు నేను డాక్టరు గదికి తిరిగి వెళ్లి, ఆక్సిజన్ నిమిషానికి ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని నెలలు అని మూడు ప్రశ్నలు అడిగాను. మొదటి రెండింటికి ఆయన వెంటనే జవాబు చెప్పారు: నిమిషానికి 2 లీటర్లు, నిద్రలోని సమయంతో కలిపి రోజుకు కనీసం 16 గంటలు. మూడవ దానికి మాత్రం కాసేపు ఆలోచించి, "ఇప్పుడే చెప్పలేను. న్యుమోనియా తాలూకు వాపు ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది. అది తగ్గడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మూడు నెలల తరువాత తీసుకురండి, ఆక్సిజన్ లేకుండా పెట్టి మళ్లీ పరీక్ష చేద్దాం. అప్పుడు కూడా అవసరం ఉంటే అది ఇక ఎప్పటికీ ఉండేదే" అన్నారు.

మా నిర్ణయం మొత్తం ఈ మూడవ జవాబు మీదే ఆధారపడింది. ఆసుపత్రిలో చేరినంత జబ్బు చేసినప్పుడు రాసిన ఆక్సిజన్ వేరు, జబ్బు కుదుటపడ్డాక కూడా రక్తంలో ఆక్సిజన్ తక్కువగానే ఉండటం వల్ల జీవితాంతం రాసే ఆక్సిజన్ వేరు. మొదటి రకం వాళ్లలో చాలా మందికి కొన్ని వారాలకు అవసరం తీరిపోతుంది. అందుకే 60 నుంచి 90 రోజుల మధ్య మళ్లీ పరీక్షించకుండా ఆక్సిజన్‌ను అలా కొనసాగించకూడదని ఊపిరితిత్తుల వైద్యులు చెబుతారు. ఈ రెండవ పరీక్ష తేదీ తెలియకుండా అద్దె మంచిదా, కొనడం మంచిదా అని లెక్క వేయడం కుదరని పని.

మంచం, చక్రాల కుర్చీ విషయం పెద్దగా ఆలోచించవలసిన అవసరం లేకుండానే తేలిపోయింది. పడుకుంటే అమ్మకు ఆయాసం ఎక్కువయ్యేది కాబట్టి తల వైపు ఎత్తుకునే మంచం కావాలి. అయితే ఆ అవసరం నెలన్నరకు మించదని నర్సమ్మ చెప్పింది. చేత్తో హ్యాండిల్ తిప్పి ఎత్తే సాదా రకం మంచం కొంటే పరుపుతో కలిపి 20 వేల దాకా అవుతుందన్నారు. అదే నెలకు 2,500కు అద్దెకు వచ్చింది. అటువంటి మంచాన్ని వాడకం తీరాక ఉంచుకోవడానికి మా ఇంట్లో చోటు లేదు, దాన్ని విప్పి మేడ మీదకు ఎక్కించడమూ కష్టమే. కాబట్టి అద్దె. చక్రాల కుర్చీని మా ఆవిడ వాళ్ల బంధువుల ఇంటి నుంచి తెచ్చుకున్నాం. తెచ్చాక తెలిసిందేమిటంటే, దాని బయటి వెడల్పు 25 అంగుళాలు, మా బాత్‌రూం తలుపు 24 అంగుళాలు. కుర్చీ అద్దెకైనా, కొనుగోలుకైనా వెళ్లే ముందు ఇంట్లో అన్నిటికన్నా ఇరుకైన తలుపును టేపుతో కొలుచుకోవాలి. సీటు వెడల్పు 18 అంగుళాలని రాసి ఉంటే, చక్రాలతో కలిపి బయటి వెడల్పు దానికి ఏడెనిమిది అంగుళాలు ఎక్కువ ఉంటుంది.

ఇక ఆక్సిజన్ మిషన్. 5 లీటర్ల కొత్త మిషన్, పేరున్న కంపెనీది, మాకు చెప్పిన ధర 48,000. అద్దె నెలకు 4,500, తిరిగి ఇచ్చే డిపాజిట్ 10,000, తెచ్చి బిగించినందుకు 500, తీసుకువెళ్లేటప్పుడు మరో 500. చాలా మంది ఈ రెండు అంకెలను భాగించి, పదిన్నర నెలలకు అద్దె డబ్బుతో మిషన్ వచ్చేస్తుంది కదా అని లెక్క చెబుతారు. ఆ లెక్క సగమే నిజం. కొన్న మిషన్‌ను తరువాత అమ్ముకోవచ్చు, కాబట్టి మనకు అసలు ఖర్చు కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న తేడా మాత్రమే. కొంటే నాలుగైదు నెలల తరువాత ఎంతకు తీసుకుంటారని అదే షాపులో అడిగాను. బిల్లు, వారంటీ కాగితం ఉంటే 25,000 దాకా ఇస్తామన్నారు. అంటే పోయేది 23,000. దీన్ని 4,500తో భాగిస్తే ఐదు నెలలు. మరి ఐదు నెలల లోపు అవసరం తీరిపోతే అద్దె మేలు, పదకొండు నెలలు దాటితే ఎటు చూసినా కొనడం మేలు, ఆ మధ్యలో ఉంటే మనకు అమ్ముకునే ఓపిక, కొనేవాళ్లు దొరుకుతారన్న నమ్మకం ఎంత ఉన్నాయనేదాన్ని బట్టి. మాకు మూడు నెలలకు పరీక్ష ఉంది. దాని ఫలితం రాకముందే కొనడానికి నాకు ఏ కారణమూ కనబడలేదు. ఒకవేళ పరీక్షలో ఆక్సిజన్ కొనసాగించాలని తేలినా, అప్పటి దాకా కట్టిన 13,500 అద్దె అప్పటికి తెలియని విషయం తెలిసే వరకు ఆగినందుకు చెల్లించిన ధర అవుతుంది. ఆ ధర నాకు ఎక్కువ అనిపించలేదు.

అద్దెలో మరొక లాభం కూడా ఉంది, అది డబ్బుల లెక్కలో కనబడదు. పాడైతే బాగుచేయించే భారం మిషన్ సొంతదారుడిది. కొత్త మిషన్‌కు వారంటీ ఉంటుంది, నిజమే. కానీ ఆ కంపెనీ సర్వీసు సెంటరు హైదరాబాదులో ఉంటే, మిషన్‌ను 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం పంపి, అది బాగై వచ్చేదాకా మనం ఏం చేయాలన్నది వారంటీ కార్డులో రాయరు. కర్నూలులోనే మరో మిషన్ నిల్వ ఉంచుకున్న వ్యక్తి దగ్గర అద్దెకు తీసుకుంటే, పాడైన గంటల్లోనే దాన్ని మార్చి ఇంకొకటి ఇవ్వగలడు. అందుకే నేను అద్దె ఇచ్చే వాళ్లను మొదట అడిగిన ప్రశ్న ధర గురించి కాదు, "మీ దగ్గర ఇప్పుడు ఖాళీగా ఎన్ని మిషన్లు ఉన్నాయి, రాత్రి పాడైతే ఎన్ని గంటల్లో మారుస్తారు" అని.

ఇక్కడే అసలు జాగ్రత్త పడవలసిన సంగతి వచ్చింది. మందుల షాపు ఆయన ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే, ఒకాయన మధ్యాహ్నమే ఆటోలో ఒక మిషన్ తెచ్చాడు. అద్దె అందరికన్నా తక్కువ, నెలకు 3,000. నచ్చితే 18,000కు అమ్ముతానన్నాడు. చూడటానికి చిన్నగా, అందంగా ఉంది, ముందు భాగంలో "1–7 లీటర్లు" అని రాసి ఉంది. స్విచ్ వేసి, గొట్టం కొసను గ్లాసులోని నీళ్లలో ముంచాడు. నీళ్లు బుడబుడమని బుడగలు పొంగాయి. "చూడండి సార్, ఎంత ఫోర్సుగా వస్తాందో" అన్నాడు.

బుడగలు చూపించేది గాలి వస్తోందని మాత్రమే, ఆ గాలిలో ఆక్సిజన్ ఎంత ఉందో కాదు. ఈ తేడా అర్థం కావాలంటే మిషన్ లోపల జరిగే పని కొంచెం తెలియాలి. గదిలో ఉన్న గాలిలో సుమారు 21 శాతం ఆక్సిజన్, 78 శాతం నైట్రోజన్ ఉంటాయి. మిషన్ లోపలి కంప్రెసర్ ఆ గాలిని నొక్కి, జియోలైట్ అనే ఖనిజపు గుళికలు నింపిన రెండు డబ్బాల్లోకి మార్చి మార్చి పంపుతుంది. ఒత్తిడిలో జియోలైట్ నైట్రోజన్‌ను పట్టి ఉంచుకుంటుంది, మిగిలిన ఆక్సిజన్ బయటికి వస్తుంది. ఒక డబ్బా నిండగానే ఒత్తిడి తీసేసి దానిలోని నైట్రోజన్‌ను బయటికి వదిలేస్తుంది, ఆ లోగా రెండో డబ్బా పని చేస్తుంది. మిషన్ దగ్గర కూర్చుంటే కొన్ని సెకండ్లకు ఒకసారి వినబడే "ఉస్స్" శబ్దం అదే. సరిగ్గా పనిచేసే మిషన్ నుంచి 90 నుంచి 96 శాతం ఆక్సిజన్ రావాలి. గుళికలకు తేమ తగిలినా, అవి పాతబడినా, కంప్రెసర్ బలహీనపడినా గాలి మాత్రం అంతే జోరుగా వస్తుంది. నైట్రోజన్ వేరు కాకుండా దానిలోనే కలిసి వస్తుంది, అంతే. గ్లాసులో బుడగలు అవే, రోగికి చేరే ఆక్సిజన్ మాత్రం తక్కువ.

2021లో కోవిడ్ రెండో అల సమయంలో దొరికిందే చాలని దేశమంతా తెప్పించుకున్న మిషన్లలో ఇటువంటి చిన్నవి చాలా ఉన్నాయి. ఒక లీటరు మీద పెట్టినప్పుడు 90 శాతం ఇస్తాయి, ఏడు లీటర్లకు తిప్పితే 30 శాతానికి పడిపోతాయి. వాటి కంపెనీ పుస్తకంలోనే ఆ పట్టిక ఉంటుంది, ముందు అట్ట మీద మాత్రం ఉండదు. ఆ తరువాత ఏళ్ల తరబడి గోదాముల్లో, మంచాల కింద వాడకుండా పడి ఉన్న మిషన్లలో గుళికలు గాలిలోని తేమను పీల్చుకుని పాడై ఉండవచ్చు. "అసలు వాడనే లేదు సార్, కొత్తదే" అని చెప్పే పాత మిషన్ మీద అదే పెద్ద అనుమానం. ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్ చాలా మిషన్లకు పక్కనో వెనకనో ఉంటుంది. అందులో తక్కువ అంకె ఉన్నంత మాత్రాన మంచి మిషన్ అనుకోవడానికి వీల్లేదు. అది ఎక్కడ, ఎలా నిల్వ ఉందో కూడా తెలియాలి.

అందువల్ల రెండో వ్యక్తి మిషన్ తెచ్చినప్పుడు, ఆక్సిజన్ శాతం కొలిచే చిన్న ఎనలైజర్‌ను కూడా వెంట తెమ్మన్నాను. అరచేతిలో పట్టే సాధనం అది, అద్దెకిచ్చే వ్యాపారం నిజాయితీగా చేసే వాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది. లేదని చెబితే ఆ మిషన్ వద్దనడమే మేలు. ఆయన మిషన్ ఆన్ చేసి, ముందు పది నిమిషాలు నడవనిచ్చాడు, ఎందుకంటే మొదలైన వెంటనే శాతం పూర్తి స్థాయికి రాదు. తరువాత 2 లీటర్ల మీద పెడితే ఎనలైజర్ 94.1 చూపించింది. నేను 5 లీటర్లకు తిప్పమన్నాను. అమ్మకు 2 లీటర్లే అవసరం అయినా, మిషన్ బలం దాని గరిష్ఠ స్థాయి మీదనే బయటపడుతుంది. ఐదు నిమిషాల తరువాత 92.8. మొదటి ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు కాబట్టి, అదే ఎనలైజర్‌ను ఆయన మిషన్‌కు కూడా పెట్టి చూద్దామని ఒప్పించాం. 2 లీటర్ల మీద 71, 5 లీటర్ల మీద 43. ఆయన ఏమీ మాట్లాడకుండా వైరు చుట్టుకున్నాడు. ఆ వ్యక్తి తెలిసి చేశాడని కూడా నేను అనలేను. బుడగలు వస్తున్నాయి కాబట్టి మిషన్ బాగుందని ఆయన కూడా నమ్ముతున్నాడేమో. కానీ అదే మిషన్ అమ్మకు పెట్టి ఉంటే, ఆక్సీమీటర్‌లో అంకె పెరగకపోవడం చూసి మేము 2 లీటర్లను 3కి, 4కి పెంచుకుంటూ పోయేవాళ్లం. పెంచిన కొద్దీ ఆ మిషన్ శాతం ఇంకా పడిపోయేది.

పెంచడం గురించి ఒక మాట. సీఓపీడీ ఉన్న వాళ్లకు ఆక్సీమీటర్‌లో 98, 99 రావాలని చూడకూడదు. అమ్మకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ జబ్బులో ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకుపోయి, పొద్దున తలనొప్పి, పగలు మత్తు, అయోమయం వస్తాయి. అందుకే నేను లీటర్ల మీటర్ మీద 2 దగ్గర ఎర్ర టేపు ముక్క అతికించాను, ఇంటికి వచ్చిన చుట్టాలు ఎవరైనా "ఇంకొంచెం పెంచండి" అన్నా చేయి వేయకుండా.

5 లీటర్ల మిషనా, 10 లీటర్లదా అన్న సందేహం కూడా వచ్చింది. పెద్దది తీసుకుంటే ముందు ముందు పనికొస్తుందని ఒకరన్నారు. 2 లీటర్లు అవసరమైన వాళ్లకు 5 లీటర్ల మిషన్ సరిపోతుంది. 10 లీటర్లది అద్దె ఎక్కువ, బరువు ఎక్కువ, కరెంటు దాదాపు రెట్టింపు. ఎప్పుడైనా 2 లీటర్లు చాలక 5 దాటే పరిస్థితి వస్తే ఆ మనిషి ఉండవలసిన చోటు ఆసుపత్రి, ఇల్లు కాదు అని డాక్టరే స్పష్టంగా చెప్పారు.

కరెంటు ఖర్చు అద్దెకు తీసుకున్నా, కొన్నా ఒకటే, కానీ ముందుగా లెక్కలో వేసుకోకపోతే మొదటి బిల్లుకే ఉలిక్కిపడతాం. మా మిషన్ 350 వాట్లు. రోజుకు 16 గంటలంటే 5.6 యూనిట్లు, నెలకు సుమారు 168. మా ఇంటి మామూలు వాడకం 150 యూనిట్ల చుట్టూ ఉండేది, అది 320కి చేరింది. యూనిట్లు పెరిగితే శ్లాబు కూడా మారుతుంది, పై శ్లాబులో యూనిట్ ధర ఎక్కువ. అందువల్ల వాడకం రెట్టింపైతే బిల్లు రెట్టింపుతో ఆగలేదు, మూడింతలకు పైగా పెరిగింది, నెలకు 1,300 రూపాయలు అదనంగా కట్టాం. 24 గంటలూ వాడవలసిన వాళ్లకు నెలకు 250 యూనిట్లు దాటుతుంది.

కరెంటు పోతే ఏం చేయాలన్నది అద్దె కాగితం మీద సంతకం పెట్టకముందే తేల్చుకున్నాం. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీతో. ఆ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉన్నా, నష్టాలు పోను మూడింట రెండొంతులే వాడుకోగలం, కాబట్టి ఈ మిషన్‌ను మూడు గంటలు, మహా అయితే మూడున్నర గంటలు నడుపుతుంది. అది కూడా ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితేనే. స్క్వేర్ వేవ్ రకంతో మోటారు వేడెక్కి గుర్రుమంటుంది. మాది అదృష్టవశాత్తు సైన్ వేవ్ రకమే. అయినా మిషనే ఆగిపోతే ఇన్వర్టర్ పనికిరాదు కదా. అందుకని బి టైపు సిలిండర్ ఒకటి, రెగ్యులేటర్‌తో సహా, నెలకు 600 అద్దెతో మంచం పక్కన గోడకు గొలుసుతో కట్టి పెట్టాం. ఆ సిలిండర్‌లో 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది, నిమిషానికి 2 లీటర్లు వాడితే 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. ఒక రాత్రి గడిచి, పొద్దున మిషన్ మార్చుకునే దాకా చాలు. సిలిండర్‌ను మాత్రం కొనాలా అని ఆలోచించనే లేదు. నింపించడానికి తీసుకువెళ్లి తేవడం, అప్పుడప్పుడు దానికి చేయించాల్సిన పరీక్షలు, అదంతా సిలిండర్ల వాళ్లకు వదిలేయడమే మంచిది.

అద్దె కాగితంలో నేను చేతిరాతతో నాలుగు వాక్యాలు చేర్పించాను. ఇచ్చిన రోజు గంటల మీటర్ రీడింగు, ఎనలైజర్ చూపిన శాతం రాయాలి. పాడైతే ఆరు గంటల్లో మార్చి ఇవ్వాలి, మార్చడానికి రవాణా ఖర్చు వాళ్లదే. మొదటి నెల తరువాత పదిహేను రోజుల లెక్కన అద్దె తీసుకోవాలి, నెల మధ్యలో తిరిగి ఇస్తే నెలంతటి డబ్బు పోకూడదు. డిపాజిట్‌లో వేటికి కోత పడుతుందో పేర్లతో రాయాలి. ముక్కు గొట్టం, నీళ్ల సీసా మాత్రం అద్దెవి వద్దని కొత్తవి కొన్నాం, రెండూ కలిపి 400 లోపే. ఒకరి ముక్కులో పెట్టినవి మరొకరికి వాడకూడదు.

మొదటి రెండు నెలలు పెద్ద ఇబ్బంది లేకుండా గడిచాయి. నీళ్ల సీసాలో రోజూ కాచి చల్లార్చిన నీళ్లు మార్చేవాళ్లం, వెనక ఉన్న స్పాంజి ఫిల్టర్‌ను వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకనే పెట్టేవాళ్లం. మా రోడ్డు దుమ్ముకు ఆ వారంలోనే అది బూడిద రంగుకు మారేది. అమ్మ రోజూ సాయంత్రం దీపం పెట్టుకునే గూడు ఆమె మంచానికి నాలుగడుగుల దూరంలో ఉండేది. ఆక్సిజన్ దగ్గర మంట, అగరుబత్తి, కర్పూరం ఉండకూడదు కాబట్టి దేవుని పటాలను హాల్లోకి మార్చి, గూటిలో చిన్న కరెంటు దీపం పెట్టాం. ఆమెకు అది నచ్చలేదు, "దేవుడికి కూడా కరెంటేనా నాయనా" అని చాలా రోజులు అడిగింది. ముక్కు ఎండిపోతే వాజలైన్ రాసుకునేది, దాన్ని కూడా మాన్పించి నీటితో చేసిన జెల్ ఇచ్చాం. వాజలైన్ నూనె జాతిది, ఆక్సిజన్ తగిలే చోట నూనె పదార్థాలు ఉండకూడదు.

మార్చి మూడో వారం నుంచి ఎండలు ముదిరాయి. చాలా కంపెనీలు ఈ మిషన్లను 35 నుంచి 40 డిగ్రీల లోపు వేడిలో నడవడానికే తయారు చేస్తాయి, కర్నూలు ఏప్రిల్ మధ్యాహ్నం ఆ హద్దును సులువుగా దాటుతుంది. ఒకరోజు రెండు గంటలప్పుడు మిషన్ మీద ఆకుపచ్చ లైటు పోయి పసుపు లైటు వచ్చింది. ఆక్సిజన్ శాతం తగ్గిందని ఆ లైటు చెబుతుంది. అద్దె ఆయనకు ఫోన్ చేస్తే ఎనలైజర్‌తో వచ్చి చూశాడు, 83. మిషన్ గోడకు జానెడు దూరంలో, రేకుల వరండా వైపు కిటికీ కింద ఉంది. అది పీల్చుకునేదీ, బయటికి వదిలేదీ వేడి గాలే. దాన్ని లోపలి గదిలోకి, గోడకు రెండడుగుల ఎడంగా జరిపి, ఏడు మీటర్ల గొట్టం వేశాం. అరగంట తరువాత శాతం 92కి వచ్చింది. అయినా అనుమానం వద్దని ఆయన రెండు రోజుల తరువాత మిషన్‌నే మార్చి ఇచ్చాడు. ఈ మిషన్ మా సొంతది అయి ఉంటే, అది వేడి వల్లనా, గుళికలు పాడవడం వల్లనా అని తేల్చుకోవడానికి నేను ఎవరి దగ్గరికి పరిగెత్తవలసి వచ్చేదో ఆలోచించాను. కొన్నవాళ్లు కూడా అటువంటి ఎనలైజర్ ఉన్న మనిషిని ఒకరిని ముందే చూసుకుని పెట్టుకోవాలి.

ఇదే సమయంలో బేతంచెర్లలో ఉన్న మా చిన్నాయన విషయంలో మేము పూర్తిగా వేరే నిర్ణయం తీసుకున్నాం. ఆయన నాపరాళ్ల పాలిషింగ్ పనిలో ఇరవై ఏళ్లకు పైగా చేశాడు, ఆ రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వచ్చింది. ఆయనకు జ్వరం లేదు, న్యుమోనియా లేదు, రెండేళ్లుగా ఆక్సీమీటర్ అంకె అంచెలంచెలుగా తగ్గిపోతూ, కూర్చున్న చోటే 86 ఉంటోంది. మూడు వారాల తేడాతో రెండుసార్లు మణికట్టు దగ్గరి ధమని నుంచి రక్తం తీసి పరీక్షిస్తే, ఆక్సిజన్ పీడనం 55 కన్నా తక్కువే వచ్చింది. ఈ జబ్బు నయమై మిషన్ అవసరం తీరే అవకాశం లేదు. అందుకని ఆయనకు ఏ అద్దె లెక్కా వేయకుండా కొత్త మిషన్ కొన్నాం, రెండేళ్ల వారంటీ ఉన్నది, గరిష్ఠ వేడి 40 డిగ్రీల దాకా తట్టుకుంటుందని పుస్తకంలో రాసి ఉన్నది, ఆక్సిజన్ శాతం తగ్గితే చూపే లైటు ఉన్నది. ఆ లైటు కొన్ని మోడళ్లలో ఉండదు, అది లేని మిషన్‌ను ధర తగ్గిందని కొనకూడదని నా అభిప్రాయం. ఒకే కుటుంబంలో, ఒకే ఏడాదిలో, ఒకే రకం మిషన్ ఒకరికి అద్దెకు, ఇంకొకరికి సొంతానికి తీసుకున్నాం, రెండూ సరైనవే.

ఏప్రిల్ చివరి వారంలో అమ్మను పరీక్షకు తీసుకువెళ్లాం. ఆసుపత్రికి వెళ్లే దాకా చిన్న సిలిండర్‌తో ఉంచి, అక్కడ గొట్టం తీసి అరగంట కూర్చోబెట్టారు. ఆక్సిజన్ తీసిన వెంటనే కొలిస్తే పాత ఆక్సిజన్ ప్రభావం ఉంటుంది కాబట్టి ఆ అరగంట ముఖ్యం. కూర్చున్నప్పుడు 93 నిలకడగా ఉంది. మణికట్టు దగ్గరి రక్త పరీక్షలో ఆక్సిజన్ పీడనం 68 వచ్చింది. తరువాత వరండాలో ఆరు నిమిషాలు తన వేగంతో నడిపించారు. మధ్యలో 88కి దిగింది, కూర్చోబెట్టిన రెండు నిమిషాల్లో మళ్లీ 92కి ఎక్కింది. ఇక మిగిలింది నిద్ర. రాత్రంతా అంకెలను నమోదు చేసే ఆక్సీమీటర్‌ను ఒక రాత్రికి ఇంటికి ఇచ్చి పంపారు, ఆ రాత్రి అమ్మ ఆక్సిజన్ లేకుండా పడుకుంది. తెల్లవారి చూస్తే కొద్ది నిమిషాలే 88 కిందకు వెళ్లింది.

డాక్టరు పగటి ఆక్సిజన్ మొత్తం ఆపేయమని, రాత్రి మాత్రం ఇంకో నెల చూద్దామని అన్నారు. గొట్టం లేకుండా హాల్లోకి నడిచి వచ్చిన మొదటి సాయంత్రం అమ్మ నేరుగా దేవుని పటాల దగ్గరికి వెళ్లి నూనె దీపం వెలిగించింది. మిషన్ అప్పటికి లోపలి గదిలో ఆపి ఉంది కాబట్టి నేను అడ్డు చెప్పలేదు.

మే చివర్లో రాత్రి పరీక్ష మళ్లీ చేసి, రాత్రి ఆక్సిజన్ కూడా అక్కర్లేదన్నారు. అద్దె ఆయన మిషన్ తీసుకువెళ్లడానికి వచ్చినప్పుడు గంటల మీటర్ రీడింగు, శాతం రెండూ మళ్లీ రాయించాను. ఎనలైజర్ 92 చూపించింది. స్పాంజి ఫిల్టర్ కొత్తది వేయాలని డిపాజిట్‌లో 150 కోశాడు, మిగిలిన 9,850 అప్పుడే ఇచ్చాడు. మొత్తం లెక్క చూస్తే నాలుగు నెలల అద్దె 18,000, రవాణా 1,000, సిలిండర్ అద్దె 2,400, ఫిల్టర్ కోత 150. సిలిండర్ అద్దె, కరెంటు ఖర్చు కొన్నా తప్పేవి కావు కాబట్టి వాటిని పక్కన పెడితే మిషన్‌కు అయింది 19,150. కొని, చెప్పిన ధరకే తిరిగి అమ్మి ఉంటే 23,000 పోయేది. చెప్పిన 25,000 వాళ్లు నిజంగా ఇచ్చేవాళ్లో లేదో మాకు తెలుసుకునే అవసరం పడలేదు.

సొంతంగా కొన్న వాటిలో ఆక్సీమీటర్ ఒక్కటే మా దగ్గర మిగిలింది. అమ్మకు రోజూ పొద్దున ఒకసారి, నడిచి వచ్చాక ఒకసారి పెట్టి, అంకెను క్యాలెండర్ మీద రాస్తున్నాం. వరుసగా రెండు రోజులు కూర్చున్నప్పుడు 88 కిందకు వస్తే అద్దె ఆయనకు కాక, ముందు డాక్టరుకే ఫోన్ చేయాలని ఆ క్యాలెండర్ కిందనే రాసి పెట్టాను.